గుమ్మం దగ్గర మొదటి పలకరింపు: నెల్లూరులో ఆరు వారాల ప్రాజెక్టు డైరీ

జూన్ 9, సోమవారం

నేను నెల్లూరులో ఒక రక్తపరీక్షల కేంద్రం తరఫున ఇళ్లకు వెళ్లి నమూనాలు తీసుకుంటాను. పరగడుపు పరీక్షలు కాబట్టి అందరికీ పొద్దున్నే కావాలి. ఆరింటికి బండి తీస్తే తొమ్మిదిన్నర లోపు ఎనిమిది, పది ఇళ్లు పూర్తిచేయాలి. ఒక ఇల్లు దర్గామిట్టలో ఉంటే తర్వాతిది స్టోన్‌హౌస్‌పేటలో ఉంటుంది.

గత వారం ఒక ఇంటివాళ్లు మా కేంద్రానికి ఫోను చేశారు. "ఆ అమ్మాయి సూది బాగానే వేస్తుంది. కానీ వచ్చిన దగ్గర నుంచి తరుముతున్నట్టే ఉంటుంది. ఈసారి వేరే వాళ్లను పంపండి" అన్నారట. ఆ మాట రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ ఇంట్లో నేను గట్టిగా మాట్లాడలేదు, విసుక్కోలేదు. ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే ఒకటే తోచింది. నేను గుమ్మంలోకి తెచ్చిన జోరు వేరు, ఆ పొద్దున ఆ ఇంట్లో ఉన్న జోరు వేరు. వాళ్లు అప్పుడే లేచి వాకిలి ఊడుస్తున్నారు. నాకు అది నాలుగో ఇల్లు.

ఇందులో మర్యాద ఒక్కటే ఉందనుకుంటే పొరపాటు. ఆ ఇంట్లో పెద్దావిడ చేతికి పట్టీ కట్టగానే పిడికిలి బిగించి, వదిలి, మళ్లీ బిగించడం మొదలుపెట్టారు. కంగారుపడేవాళ్లు చాలామంది అలాగే చేస్తారు. పట్టీ కట్టిన చేతిలో పిడికిలిని అలా ఆడిస్తే పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నరం దొరక్క పట్టీని నిమిషానికి మించి ఉంచినా కొన్ని అంకెలు మారతాయి. అంటే గుమ్మం దగ్గర మొదలైన కంగారు ట్యూబులోకి కూడా వస్తుంది.

అందుకే ఈ ఆరు వారాలు ఒక చిన్న పని పెట్టుకున్నాను. ఎదుటివారి వేగాన్ని, గొంతు స్థాయిని మొదటి పలకరింపులోనే అందుకోవాలి. ప్రతి ఇల్లు దాటాక బండి దగ్గర నిలబడి నోటుపుస్తకంలో మూడు విషయాలు రాయాలి: ముందు ఎవరు మాట్లాడారు, వాళ్ల వేగంతో పోలిస్తే నాది ఎలా ఉంది, చెయ్యి ఎలా వచ్చింది. మూడోది నాకు ముఖ్యం. అడగకముందే చెయ్యి చాపారా, అడిగాక చాపారా, చాపినా పిడికిలి బిగిసే ఉందా? "బాగా మాట్లాడారు", "నవ్వారు" లాంటివి రాయకూడదని నిర్ణయించుకున్నాను. మనవాళ్లు ఇంటికొచ్చిన మనిషిని చూసి ఎలాగూ నవ్వుతారు. చెయ్యి మాత్రం మొహమాటం చూపించదు.

జూన్ 11, బుధవారం

ఎదుటివారి వేగం సంగతి తర్వాత, ముందు నా వేగం నాకు తెలియాలి కదా. "నమస్కారం అండీ, రక్తపరీక్షకు వచ్చాను." రోజూ అనే ఈ ఒక్క వాక్యాన్ని ఫోనులో రికార్డు చేసుకున్నాను. మొదటి ఇంటికి వెళ్లేముందు ఒకసారి, ఆరో ఇల్లు అయ్యాక ఒకసారి.

పదిహేను అక్షరాలు. పొద్దున రెండున్నర సెకన్లు పట్టిన వాక్యం ఆరో ఇల్లు అయ్యేసరికి ఒకటిన్నర సెకనుకు దిగింది. "అండీ" పూర్తిగా పలకనే లేదు. పైగా గొంతు కూడా ఒక మెట్టు పైకి వెళ్లింది. నేను మాత్రం రెండుసార్లూ ఒకేలా అన్నాననుకున్నాను.

సాయంత్రం మేడమీద కూర్చుని అదే వాక్యాన్ని మూడు వేగాల్లో అలవాటు చేసుకున్నాను: ఒకటిన్నర సెకను, రెండున్నర, మూడున్నర. నిదానంగా అనడమంటే అక్షరాలను సాగదీయడం అనుకున్నాను మొదట. విని చూస్తే ఎబ్బెట్టుగా ఉంది. మాటకూ మాటకూ మధ్య కాస్త ఖాళీ వదిలితే సహజంగా వస్తోంది. "నమస్కారం అండీ" అని ఆగి, ఒక ఊపిరి తీసుకుని, "రక్తపరీక్షకు వచ్చాను". అంతే.

జూన్ 14, శనివారం

మొదటి వారంలోనే పద్ధతిలో పెద్ద లోపం బయటపడింది. నోటుపుస్తకంలో "ముందు ఎవరు మాట్లాడారు" అన్నచోట దాదాపు అన్ని ఇళ్లకూ "నేనే" అని ఉంది. తలుపు తెరుచుకోగానే నా వాక్యం వదిలేస్తున్నాను. ఎదుటివారి గొంతు వినకుండా వాళ్ల గొంతుతో శ్రుతి ఎలా కలుస్తుంది? నేను మాట్లాడితే వాళ్లే నా వేగం అందుకోవాల్సి వస్తోంది. తరిమినట్టు అనిపించడం అంటే ఇదేనేమో.

రెండు మార్పులు చేశాను. గంట నొక్కాక రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడుతున్నాను. నీలం పెట్టె, మెడలో గుర్తింపు కార్డు చూస్తే నేనెవరో వాళ్లకు తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు. నమస్కారం పెట్టి ఊరుకుంటే నూటికి తొంభైమంది వాళ్లే ఏదో ఒకటి అంటారు. "రక్తానికేనా అమ్మా?", "వచ్చారా, రండి రండి", "ఇంత పొద్దున్నే వచ్చేశారే". ఆ మూడు, నాలుగు మాటల్లో నాకు కావలసినదంతా ఉంటుంది: వేగం, గొంతు, మాటల మధ్య ఖాళీ, నిద్రమత్తు, కంగారు.

రెండో మార్పుకు మా వృత్తి నియమమే దారి చూపింది. నమూనా తీసేముందు మనిషి ఎవరో రూఢి చేసుకోవాలి. "మీరు ఫలానావారేనా?" అని అడగకూడదు. సరిగా వినపడకపోయినా "ఆఁ" అనేస్తారు, ట్యూబు మీద వేరేవాళ్ల పేరు పడుతుంది. "మీ పేరు, వయసు చెప్పండి" అని అడిగి వాళ్ల నోటితోనే వినాలి. ఇన్నాళ్లూ దీన్ని ఒక తంతులా ముగించేదాన్ని. ఇప్పుడు అదే నాకు రెండోసారి శ్రుతి చూసుకునే అవకాశం. ఒకాయన ఇంటిపేరుతో సహా పూర్తిగా, మీసం దువ్వుకుంటూ చెప్తారు. ఇంకొకావిడ పేరు, వయసు, వచ్చే నెల కూతురి పెళ్లి ఒకే ఊపిరిలో చెప్పేస్తారు. ఆ ఇద్దరికీ తర్వాతి మాట ఒకే వేగంలో చెప్తే ఎలా సరిపోతుంది?

జూన్ 20, శుక్రవారం

మృగశిర కార్తె వచ్చి రెండు వారాలైనా ఎండ తగ్గలేదు. ఏడింటికే చెమటలు. ఈరోజు మూలాపేటలో ఒక ఇంట్లో జరిగింది వివరంగా రాసుకోవాలి.

తలుపు తీసింది కోడలు. ముప్పై ఏళ్లుంటాయి, స్కూలు పిల్లవాడికి డబ్బా కడుతూ వచ్చింది. "రండి రండి, అత్తయ్యకే, లోపల ఉన్నారు, త్వరగా అయిపోతుందా, పావుతక్కువ ఎనిమిదికి ఆటో వస్తుంది." నేను వెంటనే అందుకున్నాను. "అయిపోతుందండీ, ఐదు నిమిషాలు చాలు, ఎటు వెళ్లాలి?" ఆమె వేగమే, ఆమె గొంతే. ఆమె ముఖం తేలికపడింది. బాగా కుదిరిందనుకుని అదే ఊపులో లోపలి గదిలోకి నడిచాను. "నమస్కారం పెద్దమ్మా, చెయ్యి ఇటు ఇవ్వండి, పేరు చెప్పండి."

ఆవిడ మంచం మీద కూర్చుని జపమాల తిప్పుతున్నారు. చెయ్యి ఇవ్వలేదు. మాల ఒళ్లో పెట్టుకుని, కొంగు సర్దుకుని, నా పెట్టె వైపు చూసి, "ఎన్ని బుడ్లు తీస్తావమ్మాయ్?" అన్నారు. ఆ ప్రశ్నకూ నా పలకరింపుకూ మధ్య నాలుగైదు సెకన్లు గడిచాయి. అప్పటికే నేను పట్టీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

కోడలితో కలిపిన శ్రుతిని అత్తగారి దగ్గరకు మోసుకెళ్లాను. అదీ పొరపాటు. గుమ్మం దగ్గర ఒక మనిషి, మంచం దగ్గర వేరే మనిషి. సూది పడేది మంచం దగ్గరి మనిషికి.

పట్టీ పెట్టెలో పెట్టేశాను. కుర్చీ లాక్కుని ఆవిడ కళ్లకు సమానంగా కూర్చున్నాను. వెంటనే బదులివ్వకుండా కాస్త ఆగి, "రెండే పెద్దమ్మా" అన్నాను. మళ్లీ ఆగి, "ఒకటి చక్కెరకు. ఒకటి మూత్రపిండాలకు." బూడిదరంగు మూతది, ఎర్రమూతది తీసి చూపించాను. ఆవిడ రెండింటినీ చూశారు. "పోయినసారి మూడు తీశాడు ఆ అబ్బాయి" అన్నారు. "ఈసారి రెండే" అన్నాను. ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి మడుచుకున్నారు. నేను అడగలేదు. పేరు కూడా తనే చెప్పారు.

పట్టీ కట్టినప్పుడు పిడికిలి బిగించి అలాగే ఉంచారు, ఆడించలేదు. ఒక్క పోటుతో అయిపోయింది. గదిలోకి అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా ఆరు నిమిషాలు. తొందరపెట్టి ఉంటే నరం దొరక్క రెండో పోటు వేయాల్సి వచ్చేది, అప్పుడు ఎలాగూ పది నిమిషాలయ్యేది. పిల్లవాడి ఆటో మేం ముగించాకే వచ్చింది.

ఇకపై నోటుపుస్తకంలో ఇంటికి ఒక గీత చాలదు. తలుపు తీసిన మనిషికి ఒక గీత, చెయ్యి ఇచ్చే మనిషికి ఒక గీత.

జూన్ 27, శుక్రవారం

దీని గురించి పరిశోధకులు ఏమన్నారో ఆదివారం చదివాను. అందరూ ఎత్తి చూపేది 1999లో తాన్యా చార్‌ట్రాండ్, జాన్ బార్గ్ చేసిన ప్రయోగాలు. పక్కన కూర్చున్న అపరిచితుడు ముఖం రుద్దుకుంటే చూసేవాళ్లు తమకు తెలియకుండానే ముఖం రుద్దుకున్నారు, అతను కాలు ఊపితే వీళ్లూ ఊపారు. మరో ప్రయోగంలో, తాము కూర్చున్న తీరును, తమ కదలికలను అనుకరించిన మనిషి మీద వాళ్లకు ఇష్టం కాస్త ఎక్కువగా కలిగింది, మాట సాఫీగా సాగినట్టు అనిపించింది. అయితే అది కుర్చీల్లో కూర్చుని కొన్ని నిమిషాలు కలిసి పనిచేసినప్పటి మాట, అదీ శరీర కదలికల గురించి. గుమ్మం దగ్గర పది సెకన్లకు అది అలాగే వర్తిస్తుందని నేను అనుకోను. తేడా కూడా "కాస్త"నే. గొంతు, వేగం, ఉచ్చారణ ఎదుటివారికి దగ్గరగా జరగడం గురించి హోవర్డ్ గైల్స్ 1970ల నుంచి చెప్పిన సిద్ధాంతమే నా పనికి దగ్గరగా ఉంది. దగ్గరవడం ఎక్కువైతే అది వెక్కిరింతగానో చిన్నచూపుగానో అనిపిస్తుందని కూడా అందులో ఉంది.

ఈ వారం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది భయస్తుల సంగతి. బాలాజీనగర్‌లో పాతికేళ్ల అబ్బాయి, ఉద్యోగంలో చేరడానికి పరీక్షలు. తలుపు తీయగానే మాట ఆగలేదు. "అక్కా, సూది అంటే నాకు పడదు, పోయినసారి కళ్లు తిరిగి పడిపోయాను, ఎంత తీస్తారు, పడుకోవచ్చా?"

ఇలాంటివాళ్ల దగ్గర ఇదివరకు నేను మెత్తగా, నిదానంగా "ఏం కాదు, భయపడకండి" అనేదాన్ని. అది వాళ్లకు తగలదు. పరుగెత్తే మనిషిని పక్కనుంచి చెయ్యి పట్టి ఆపాలంటే ముందు నాలుగడుగులు అతనితో పరుగెత్తాలి. అందుకే ఈసారి అతని వేగంతోనే అందుకున్నాను. "పడుకోవచ్చు, పడుకునే తీస్తాను, మూడు ట్యూబులు, అన్నీ కలిపి రెండు చెంచాలు." అతని ప్రశ్నలన్నిటికీ అతను అడిగిన వరుసలోనే జవాబులు. వేగం అతనిది, కానీ గొంతులో వణుకు మాత్రం నేను తెచ్చుకోలేదు. తర్వాతి వాక్యం కొంచెం తగ్గించాను: "మంచం ఎటువైపు ఉంది?" ఆ తర్వాతిది ఇంకొంచెం: "తలకింద దిండు తీసేద్దాం." నాలుగో వాక్యానికి నేను నా మామూలు నిదానంలో ఉన్నాను. అతనూ ఒక్కొక్క మాటే మాట్లాడుతున్నాడు. స్పిరిట్ ఆరేదాకా అర నిమిషం ఆగాలి. ఆ అర నిమిషం అతను మాట్లాడకుండా పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

ప్రతిసారీ ఇలా కుదరదు. అదే రోజు నవాబుపేటలో ఇంకొకావిడ దగ్గర నేను వేగం అందుకున్నాను, తగ్గించడం మరిచిపోయాను. ఇద్దరం కలిసి ఒకరినొకరు ఎగదోసుకుంటూ పోయాం. ఆవిడ అరచేయి చెమటతో తడిసింది, ఆవలింతలు మొదలయ్యాయి. ఆవలింత, ముఖం పాలిపోవడం కళ్లు తిరగబోయే ముందు వచ్చే గుర్తులు. సూది పక్కన పెట్టి, పడుకోబెట్టి, కాళ్లు ఎత్తు మీద ఉంచి పది నిమిషాలు ఆగాను. రెండు, మూడు వాక్యాల తర్వాత కూడా నేను అదే జోరులో ఉంటే నేను దారి చూపించడం లేదని అర్థం. వాళ్లే నన్ను లాగుతున్నారు.

జూలై 3, గురువారం

ఇది రాయడానికి మనసు ఒప్పుకోవడం లేదు, కానీ రాయాలి.

మాగుంట లేఔట్‌లో ఒక పెద్దాయన. ప్రధానోపాధ్యాయుడిగా చేసి విరమించారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తగ్గింది, మాట మొద్దుబారింది. రక్తం పలచబడే మందు వాడుతున్నారు కాబట్టి గడ్డకట్టే సమయం చూసే పరీక్ష రెండు వారాలకొకసారి ఉంటుంది. ఆయన ఇంటికి నేను వెళ్లడం ఇదే మొదలు.

"ర...మ్మా... కూర్చో" అన్నారు. ఒక్కో మాటకు చాలాసేపు పట్టింది. నేను ఈ మూడున్నర వారాల సాధనంతా గుర్తుపెట్టుకుని ఆయన వేగాన్ని అందుకున్నాను. "న-మ-స్కా-రం... సా-రూ... చె-య్యి... ఇ-స్తా-రా?" గొంతు కూడా పెంచాను, ఎందుకో తెలియదు.

ఆయన నన్ను చూశారు. చాలాసేపు. తర్వాత, మొద్దుబారిన ఆ మాటతోనే, నాకు స్పష్టంగా అర్థమయ్యేలా అన్నారు: "నాలుకే మొద్దు అమ్మాయ్. చెవులు కావు."

తల దించుకున్నాను. క్షమించమన్నాను. ఆయన చెయ్యి చాపారు కానీ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. పని అయ్యేదాకా ఇటు తిరగలేదు.

బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆయన నిదానం ఆయన ఎంచుకున్నది కాదు, జబ్బు తెచ్చింది. దాన్ని నేను నా నోట్లోకి తీసుకుంటే ఆయనకు తన జబ్బే ఎదురుగా కనిపించింది. అందుకున్నది ఆయన జోరును అనుకున్నాను, నిజానికి ఆయన లోపాన్ని. నత్తి, వణుకు, దగ్గు మధ్య ఆగే మాట, యాస, వినపడక పెంచిన గొంతు: ఇవేవీ అందుకోవలసినవి కావు. యాస సంగతి నాకు ఇంతకుముందే తెలిసుండాలి. ఒకసారి నాతో పనిచేసే అమ్మాయి కోట అనే ఊరి వైపు నుంచి వచ్చిన ఒకాయన మాటతీరును అనుకరించి పలకరిస్తే ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ మరుసటిసారి ఆ అమ్మాయిని వద్దన్నారు.

మరి ఆయన దగ్గర ఏం అందుకోవాలి? రాత్రంతా ఆలోచిస్తే ఒకటి తోచింది. ఆయనకు మాట వెతుక్కోవడానికి సమయం కావాలి. నేను నా మామూలు వేగంలో మాట్లాడి, ఆపిన తర్వాత ఎక్కువసేపు ఊరుకోవచ్చు. అక్షరాలు నావి, ఖాళీలు ఆయనవి.

జూలై 8, మంగళవారం

రొట్టెల పండుగ నడుస్తోంది. స్వర్ణాల చెరువు వైపు దారులన్నీ జనంతో నిండిపోయాయి, బండి దాటించడానికే ఇరవై నిమిషాలు పట్టింది. దర్గామిట్ట దగ్గరి ఇంటికి ఏడున్నరకు వెళ్లాల్సింది ఎనిమిదింబావు అయింది. పన్నెండు గంటలుగా పరగడుపున ఉన్న చక్కెర రోగి, కాఫీ కూడా లేకుండా, వాకిట్లో నిలబడి ఉన్నారు.

"ఏడున్నర అన్నారు! ఇప్పుడెంత అయింది? మనుషులనుకుంటున్నారా?"

ఆయన వేగం, గొంతు రెండూ పైస్థాయిలో ఉన్నాయి. గొంతు అందుకుంటే కొట్లాట అవుతుంది. మెత్తగా "శాంతించండి సార్" అంటే మంట ఇంకా పెరుగుతుంది, ఆ అనుభవం నాకుంది. వేగం మాత్రం అందుకున్నాను, గొంతు ఆయనకన్నా రెండు మెట్లు కింద ఉంచాను. "నలభై ఐదు నిమిషాలు ఆలస్యం, తప్పు నాదే, ఇప్పుడే తీస్తాను, రెండు నిమిషాల్లో మీరు కాఫీ తాగొచ్చు." పొట్టి వాక్యాలు, ఆగకుండా. సంజాయిషీ చెప్పలేదు, పండుగ మాట ఎత్తలేదు. ఆయనకు కావలసింది కాఫీ ఎప్పుడన్నదే. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపి, "త్వరగా కానివ్వండి" అన్నారు. కోపం పోలేదు. పోతుందని నేనూ ఆశించలేదు. పిడికిలి మాత్రం వదులుగా ఉంది, ఒక్క పోటుతో అయింది. అల్పాహారం మొదలుపెట్టిన రెండు గంటలకు మళ్లీ నమూనా కావాలని చెప్తే గడియారం చూసి "పదిన్నరకు రండి, ఆలస్యం చేయకండి" అన్నారు. పది ఇరవై ఐదుకు గంట నొక్కాను.

జూలై 17, గురువారం

నోటుపుస్తకం లెక్క చూశాను. అడగకముందే చెయ్యి చాపినవాళ్లు మొదటి వారం కన్నా ఈ వారం ఎక్కువ. అయినా దీన్ని రుజువనుకోలేను. చూసేదీ నేనే, రాసేదీ నేనే. పైగా ఈ వారం సగం మంది నన్ను ముందే చూసినవాళ్లు. కొత్త ఇళ్లు మాత్రమే విడిగా లెక్కిస్తే తేడా చిన్నది. నిక్కచ్చిగా చెప్పగలిగింది ఒకటే: రెండో పోటు వేయాల్సిన ఇళ్లలో ఎక్కువచోట్ల "ముందు నేనే మాట్లాడాను" అని రాసి ఉంది. ఆ ఒక్క గడిని ఇంకో రెండు నెలలు నింపుతాను, మిగతావి ఆపేస్తాను.

ఈ ఉదయం మళ్లీ మాగుంట లేఔట్. పెద్దాయనే తలుపు తీశారు, ఎడమచేత్తో. నమస్కారం పెట్టి ఊరుకున్నాను. ఆయనా ఊరుకున్నారు. కాసేపటికి "మళ్లీ... నువ్వేనా" అన్నారు.

"నేనే సార్" అన్నాను, ఇంట్లో మా నాన్నతో మాట్లాడినట్టే. "పరీక్ష అదే, ట్యూబు ఒక్కటే." అక్కడ ఆగాను. లోపల ఎన్ని మాటలు తోసుకొచ్చినా నోరు తెరవలేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"నీలం... మూతది" అన్నారాయన.

"అవును సార్. గీత దాకా నిండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది."

మళ్లీ ఖాళీ. ఈసారి ఇంకా పొడుగ్గా. ఆయన కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో కుడి చొక్కా చెయ్యి గుండీ విప్పడానికి ప్రయత్నించారు. సాయం చేయబోయి ఆగాను. గుండీ వచ్చేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. వచ్చింది. మడత పైకి జరుపుకుని, చెయ్యి కుర్చీ పట్టె మీద పెట్టి, నా వైపు తిరిగి, "ఎందుకు... గీత... దాకా?" అని అడిగారు.

ట్యూబులో ముందే కొంత మందు నీరు ఉంటుందని, దానికి తగ్గ పాళ్లలో రక్తం పడకపోతే గడ్డకట్టే సమయం ఎక్కువ చూపిస్తుందని చెప్పాను. పాళ్లు ఎంత అని అడిగారు. ఒక పాలు మందుకు తొమ్మిది పాళ్ల రక్తం అన్నాను. లెక్కల మాస్టారట ఒకప్పుడు. పట్టీ కట్టాను, ట్యూబు గీత దాకా నిండేవరకు ఇద్దరం దాన్నే చూశాం.